మూఢంలో అడిగిన సెలవు

ఆ రోజు సోమవారం, సాయంత్రం నాలుగున్నర. కడియం దగ్గర మేము పనిచేసే నర్సరీ ఆఫీసు గదిలో నా మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని సెలవు కోసం మెయిలు రాస్తోంది. రాస్తోంది, చెరిపేస్తోంది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను.

ఆ నర్సరీలో నేను మామిడి అంట్లు కడతాను. పిల్ల అక్కడే గుమాస్తాగా చేరి ఏడాది కాలేదు. మొక్కల లారీలకు బిల్లులు చేస్తుంది. సెలవు ఇవ్వాల్సిన మేనేజరు ఉండేది హైదరాబాదులో. నోటిమాటగా అడిగితే ఆయన ఒప్పుకోడు, ఇంగ్లీషులో మెయిలు పెట్టాల్సిందే.

ఆ సెలవు నా కోసం. గురువారం రాజమండ్రిలో నా కుడికంటికి శుక్లం ఆపరేషన్. తోడుగా మనిషి లేరని ఆసుపత్రివాళ్లు అంతకుముందు ఒకసారి నన్ను వెనక్కి పంపేశారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఈసారి కూడా తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. అప్పటికే కొమ్మ మీద పడాల్సిన కత్తి వేలి మీద పడుతోంది. కన్ను కనపడకపోతే అంటు కట్టలేను. అంటు కట్టకపోతే నాకు వేరే పని రాదు.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తెలుగు చదువుతాను, ఇంగ్లీషు రాదు. అందుకే అడిగాను.

"ఏం రాశావో తెలుగులో చెప్పవే."

"గురువారం ఇంట్లో ఫంక్షన్ ఉంది, సెలవు ఇప్పించండి అని రాశాను అమ్మమ్మా."

"ఫంక్షనేంటే? ఆపరేషన్ కదా!"

"ముందే ఆపరేషన్ అని అందరికీ చెప్పుకుంటే మంచిది కాదంటారు కదా. అయ్యాక చెప్పొచ్చులే."

గుమ్మంలో నిలబడి వింటున్న లోడింగు మేస్త్రీ పగలబడి నవ్వాడు.

"మూఢంలో ఫంక్షనేంటమ్మా? పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు, పంతుళ్లందరూ ఖాళీగా కూర్చున్నారు. కొంపదీసి మామ్మగారికి గానీ పెళ్లి చేసేస్తున్నావా ఏంటి?"

"చేస్తే భోజనాల ఖర్చు నీదేరా" అన్నాను.

నవ్వులాట అయ్యాక నాకు అసలు సంగతి తట్టింది. ఆ మేనేజరుదీ మా గోదావరి వైపే. మూఢంలో శుభకార్యాలు ఉండవని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అబద్ధమని ఇట్టే పట్టేస్తాడు. ఆ తరవాత ఆపరేషన్ అన్నా నమ్మడు. పైగా గురువారం మా దగ్గర పెద్ద లోడింగు.

"కన్ను నాది, నేను చెప్తున్నాను. ఆపరేషన్ అనే రాయి. నీ మెయిలు వల్ల నా కంటికేమీ కాదు" అని గట్టిగానే అన్నాను.

పిల్ల ముఖం ముడుచుకుంది గానీ మళ్లీ రాసింది. రాసి, అవతలి బల్ల దగ్గర లెక్కలు చూసే మేడమ్‌ని పిలిచింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివారు.

"'టుక్' అన్నావేంటమ్మా? అంటే మామ్మగారిని అప్పుడే తీసుకెళ్లిపోయావని. గురువారం ఇంకా రాలేదు కదా, 'విల్ టేక్' అను. 'ఐ ఆపరేషన్' ముందు 'యాన్' పెట్టు. 'లీవ్' ముందున్న 'ఎ' తీసెయ్. అంతే."

"మొత్తం మీరే మంచి ఇంగ్లీషులో రాసిపెట్టండి మేడమ్, ప్లీజ్."

"అక్కర్లేదు. చక్కగా అర్థమవుతోంది. నేను రాస్తే నేను అడిగినట్టుంటుంది. సెలవు నీకు కదా?"

పిల్ల పంపబోతుంటే ఆవిడే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు. లారీ బిల్లులు ఎవరు చేస్తారని అడుగుతాడాయన. నేను చేస్తానని కింద ఒక ముక్క రాయి."

"మీకు మీ పనే బోలెడు ఉంది కదండీ" అన్నాను.

"ఒక్క రోజే కదా మామ్మగారూ. మీరు ముందు కన్ను చూసుకోండి."

"బండికి మొక్కలు ఎక్కించేది మేమే కదండి, లెక్క తప్పకుండా చూసుకుంటాం" అన్నాడు మేస్త్రీ. ఇందాకటి వెటకారం ఆ గొంతులో లేదు.

మెయిలు వెళ్లింది. టీలు తాగుతుండగా జవాబు వచ్చింది. పిల్ల లేచి నిలబడి తెలుగులో చెప్పింది. సెలవు ఇచ్చారు. బుధవారం సాయంత్రానికి కాగితాలన్నీ మేడమ్‌కి అప్పగించమన్నారు. మామ్మగారిని జాగ్రత్తగా తీసుకెళ్లమన్నారు.

గురువారం ఆపరేషన్ అయింది. మందులు వేసింది, చెయ్యి పట్టుకుని నడిపించింది నా మనవరాలే. డాక్టరు చెప్పినన్నాళ్లు ఆగి మళ్లీ కత్తి పట్టాను. అంటు కట్టు ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో ఇప్పుడు కనిపిస్తోంది. నాకు పొగడటం చేతకాదు, అందుకని ఎవరెవరున్నారో రాసి పెడుతున్నాను. ఆ సాయంత్రం ఆ గదిలో ఉన్నది నా మనవరాలు, లెక్కల మేడమ్, లోడింగు మేస్త్రీ, నేను.