జీరో బిల్లు పోయిన నెల

రాంగోపాల్‌పేట్‌లోని ఆ పాత ఇంటికి ఒకటే కరెంటు మీటరు. కింద ఇంటి యజమానురాలు ఎల్లమ్మ, పైన కిరాయికి లక్ష్మణ్, ఊర్మిళ. రెండు వాటాల వాడకం కలిపినా రెండు వందల యూనిట్లు దాటేది కాదు. సర్కారు పథకంలో ప్రతినెలా జీరో బిల్లే. ఈసారీ రీడింగ్ తీసే మనిషి మిషన్‌లోంచి కాగితం చింపి ఇస్తుంటే ఎల్లమ్మ సున్నా కోసమే చూసింది.

"మూడువేల తొమ్మిది వందలా! లక్ష్మణ్, కిందికి రా!"

లక్ష్మణ్ వచ్చేసరికి మెట్ల కింద ప్లగ్గు పీకేసి ఉంది. వాకిట్లో నిలిపిన ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ ఆగిపోయింది. క్యాబ్ నడుపుకోవడానికి కొన్న కారు అది. ఇంటికి వచ్చి నెలే అయింది.

"నీ కార్ దెబ్బకు నా జీరో బిల్లు పోయింది. ఇంక ఈడ చార్జింగ్ బంద్!"

తప్పు లక్ష్మణ్‌దే. రెండు వందల యూనిట్ల దాకా ఎలాగూ ఫ్రీ, పైన పడ్డవాటికే పైసలని లెక్క వేసుకున్నాడు. ఆ గీత దాటితే మొదటి యూనిట్ నుంచీ మొత్తం బిల్లు నెత్తిన పడుతుందని, పైపైకి పోయేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుందని ఎవరూ చెప్పలేదు. ఇంటి వాడకం నూట యాభై, కారు తాగింది మూడు వందల అరవై.

"అమ్మా, మొత్తం బిల్లు నేనే కడ్తా."

నిజంగానే కట్టగలడు. నెలకు రెండున్నర వేల కిలోమీటర్లు తిరుగుతాడు. ఈ బిల్లంతా తనే కట్టినా కిలోమీటరుకు రూపాయిన్నర పైన ఆరు పైసలు. పాత పెట్రోలు కారు లీటరు నూట ఏడుకు పదహారు కిలోమీటర్లు ఇచ్చేది, అంటే కిలోమీటరుకు ఆరు రూపాయల డెబ్బై పైసలు. బయటి చార్జింగ్ స్టేషన్‌లో యూనిట్ ఇరవై రెండు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడుస్తుంది, అంటే కిలోమీటరుకు మూడు రూపాయల పదిహేను పైసలు. పెట్రోలులో సగమే. కానీ అతను కారు కిస్తీకి ఒప్పుకున్నది కిలోమీటరుకు రూపాయిన్నర దాటదన్న లెక్క మీద. బయటికి వెళ్తే నెలకు నాలుగు వేలు అదనం, వరుసలో నిలబడ్డ గంటలకు ట్రిప్పులూ ఉండవు. కిస్తీ తప్పితే ఫైనాన్సువాళ్లు కారు తీసుకుపోతారు.

"నువ్వు కట్టుడు గాదయ్యా. నా పేరు మీద గింత బిల్లొస్తే రేపు రేషన్ కార్డు సుత తీసేస్తరు. పైసలతోని మాట్లాడకు."

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. జీరో బిల్లు వచ్చేదే రేషన్ కార్డు మీద. పర్యావరణం కాపాడమని గోడల నిండా రాతలు. కాపాడబోతే, సొంత ఇల్లు, సొంత మీటరు ఉన్నోడికి ఒక ధర, కిరాయిదారుకు రెండింతలు. ఇందులో లక్ష్మణ్ తప్పెంత, ఎల్లమ్మ తప్పెంత?

"వేరే మీటర్ పెట్టిచ్చుకుంటా. కార్లకు వేరే లెక్క ఉందంట, యూనిట్ ఆరు రూపాయలే. మొన్న నా క్యాబెక్కిన కరెంటాఫీసు మనిషి చెప్పిండు. నువ్వు సంతకం పెడితే చాలు."

ఎల్లమ్మ కొంగు నడుముకు బిగించింది. "గదీ సంగతి! మీటర్ నీ పేరు మీద పెట్టుకుంటవ్, నాలుగేండ్లకు ఇల్లు నాదేనంటవ్!"

"అమ్మా, నేనట్లా..."

"అందరూ గిట్లనే అంటరు!"

లక్ష్మణ్ కోపాన్ని మింగాడు. ఒక్క మాట తూలితే ప్లగ్గే కాదు, ఇల్లూ పోతుంది. మెట్ల మీద నుంచి ఊర్మిళ దిగొచ్చింది.

"పెద్దమ్మా, మీటర్ నీ పేరు మీదనే పెట్టిద్దాం. పైసలు మావి. మేం ఖాళీ చేసినా మీటర్ నీ ఇంటికే ఉంటది. రేపొచ్చేటోళ్లకు సుత కార్ ఉంటే చార్జింగ్ ఉన్న ఇల్లని జెర ఎక్కువ కిరాయికిస్తవు."

ఎల్లమ్మ వాకిట్లో కారును మొదటిసారి చూసినట్టు చూసింది.

"ఎక్కువంటే?"

"అది నీ ఇష్టం పెద్దమ్మా."

"అయితే మీరే షురూ చేయుండ్రి. చార్జింగ్ జాగకు నెలకు అయిదొందలు. ముందుగాల నా జీరో బిల్లుకు తక్లీఫ్ రాదని ఆఫీసోళ్లు నా మొకం మీద చెప్పాలె. గప్పటి దాకా ప్లగ్గు ముట్టొద్దు."

లక్ష్మణ్ ఊర్మిళ వైపు గుర్రుగా చూశాడు. వద్దనబోయి లెక్క వేసుకున్నాడు. రెండున్నర వేల కిలోమీటర్ల మీద అయిదు వందలంటే కిలోమీటరుకు ఇరవై పైసలు. యూనిట్ ఆరు రూపాయలైతే కరెంటుకు ఎనభై ఆరు పైసలు. నెలవారీ స్థిర చార్జీ ఏదున్నా మొత్తం రూపాయి పది దాటకపోవచ్చు.

"సరే అమ్మా," అన్నాడు. "పొద్దున పోదాం ఆఫీసుకు."

"నన్ను నీ కార్‌లనే తీస్కపోతవా?"

"బ్యాటరీ పద్దెనిమిది శాతమే ఉంది."

"అయితే బయట నింపుకొని రా పో," అంది ఎల్లమ్మ, చార్జింగ్ వైరు చుట్టి చంకన పెట్టుకుని లోపలికి పోతూ.