ఏది మంచిదన్నా?

పోటీ పరీక్షలకు చదివేవాళ్ళుండే అశోక్‌నగర్‌లో ఏ అనుమానం వచ్చినా సీనియర్‌ని అడగడం ఆచారం. ఇంటర్వ్యూ దాకా పోయి ఉత్త చేతులతో తిరిగి రావడమే నా అర్హత. తొంభైల్లో చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు వచ్చేవారు. "అన్నా, ఆప్షనల్ సబ్జెక్టుగా హిస్టరీ మంచిదా, సోషియాలజీ మంచిదా?" నాకు ఒళ్ళు మండేది. ఎవరికి మంచిది? దేనికి మంచిది? అది మాత్రం చెప్పరు.

ఒక సాయంత్రం నారాయణగూడ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా పల్లె. టీచర్ ఉద్యోగమూ వచ్చింది, గ్రూప్-2 కూడా వచ్చింది. అయినా మొహం వేలాడేసుకుని ఉంది.

"ఏది మంచిదన్నా? అందరు గ్రూప్-2 అంటున్నరు."

"అందరంటే ఎవరు?"

గ్రూప్-2 చేజారినవాళ్ళు గ్రూప్-2 అన్నారట. బదిలీలతో విసిగిన ఒక పెద్దాయన టీచర్ అన్నారట. పాపం, ఎవరి నొప్పికి వాళ్ళు మందు చెప్పారు.

"గవి వాళ్ళ ముచ్చట్లు చెల్లె. నీకేం కావాలె?"

"జీతం, ప్రమోషన్, నలుగుర్ల పేరు." పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఇవన్ని లేకున్నా బతుకుతవు. ఏది పోతే తట్టుకోలేవు?"

చెప్పు కొనతో మెట్టు గీకింది. తర్వాత ఏడ్చేసింది.

"అమ్మకు చూపు పోతుందన్నా. పోయింది తిరిగి రాదన్నరు డాక్టర్లు. చూపు ఉన్నన్ని దినాలు రోజు ఆమె ముంగట ఉండాలె."

నేను తీర్పు చెప్పలేదు, తెలిసింది మాత్రం చెప్పాను. "గ్రూప్-2 అయితే జోన్ల ఏ జిల్లాకైనా వేస్తరు. టీచరైతే నీ జిల్లా దాటదు. ఊర్లనే ఇస్తరని మాత్రం నేను చెప్పలేను."

"అంటే టీచరే."

"నేననలేదు. నువ్వన్నవు."

కొన్నేళ్ళ తర్వాత వేసవి సెలవుల్లో అవే మెట్ల దగ్గర కనిపించింది. పక్క ఊళ్ళోనే బడి దొరికిందట. అమ్మ చూపు పూర్తిగా పోయిందట. పోయే దాకా రోజూ పొద్దున తల్లే జడ వేసి, ముందుకు తిప్పుకుని మొహం చూసి బడికి పంపేదట.

"ఇప్పుడు చేత్తో తడుముతదన్నా. నా మొఖం ఇంకా యాదున్నదంటది."

మనసు ఆగక అడిగేశాను. "గ్రూప్-2 పోయిందని బాధ లేదా?"

"ఎందుకుండదు? పేపర్ల నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా ఏడుస్త." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "కాని అమ్మ వినకుండ ఏడుస్త. గ్రూప్-2 తీసుకున్ననుకో, ఎన్నడో ఒకనాడు ఇంటికొచ్చి అమ్మ ముంగట ఏడ్వాల్సొచ్చేది. అప్పటికి ఆమెకు నేను కనవడను."