స్క్రూ అక్క కొట్టిన పింక్

స్నూకర్ హాల్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ స్క్రూ అక్కే. తెల్లబంతిని కిందిభాగంలో కొట్టి, రంగుబంతి పాకెట్లో పడగానే తెల్లదాన్ని పెంపుడు పిల్లిలా వెనక్కి రప్పించుకునేది. ఆ దెబ్బ పేరే స్క్రూ. పదిహేనేళ్లుగా కోచ్‌గా అదే నేర్పింది. మొగుడు పోయాక ఆమెకు కూడూ గూడూ ఆ హాలే.

ఒక వానరోజు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికేలోగా ఆమె చోట్లో బక్కోడు కుదురుకున్నాడు. వాడు ఆమె దగ్గర ఓనమాలు దిద్దినవాడే. అక్కను పొమ్మనే ధైర్యం లేని హాలు కమిటీ పెద్దలు ఇద్దరినీ ఒక ఫ్రేమ్, అంటే ఒక ఆట, ఆడమన్నారు. గెలిచినవాళ్లే కోచ్ అట. గురుశిష్యులకు పోటీ పెట్టి చోద్యం చూడటానికి వాళ్ల సొమ్మేం పోయింది!

ఆట చివరికొచ్చేసరికి అక్క ఎనిమిది పాయింట్లు వెనకబడింది. బల్ల మీద ఆరు పాయింట్ల పింక్, ఏడు పాయింట్ల బ్లాక్ మిగిలాయి. రెండూ వేస్తే ఉద్యోగం ఆమెదే. పింక్ మూల పాకెట్ నోట్లోనే ఉంది. తెల్లబంతి దానికి తిన్నగా, సగం బల్ల దూరంలో ఉంది. పింక్ వెయ్యడం చంటిపిల్ల పని. వేశాక తెల్లది ఎక్కడ ఆగుతుందన్నదే అసలు గొడవ.

పైభాగంలో కొడితే టాప్ స్పిన్‌తో అది పింక్ వెంటే పాకెట్లోకి పోతుంది. స్టన్ కొడితే, ముందుకూ వెనక్కూ తిరగకుండా జారుతూ వెళ్లి, పింక్ ఉన్నచోటే టక్కున ఆగుతుంది. అక్కడ పాకెట్ దవడల్లో ఇరుక్కుంటే బ్లాక్‌ను కొట్టడానికి క్యూ కర్ర సరిగా ఆనదు. ఇక మిగిలింది స్క్రూ. కింద కొట్టాలి, వెరపు లేకుండా కొట్టాలి. మెల్లగా కొడితే వెనక్కి తిరిగే తిరుగుడు బట్ట రాపిడికి దారిలోనే చచ్చిపోతుంది. ఈ మాట ఆమె ఎందరికి చెప్పిందో లెక్కే లేదు.

అక్క వంగింది. దేవుడా, ఈ ఒక్కటి కానియ్యి, మళ్లీ ఏమీ అడగను అనుకుంది. క్యూ కొన సరిగ్గా కిందే తగిలింది. కానీ చివరి క్షణంలో చెయ్యి వెనకాడింది.

తెల్లది కాసేపు వెనక్కి తిరుగుతూ ముందుకు పోయింది. తర్వాత ఊరికే జారింది. పింక్‌ను చేరేసరికి ముందుకే దొర్లుతోంది. పింక్ పడింది. తెల్లది దాని వెనకే నింపాదిగా కదిలింది.

"ఆగవే, ఆగు తల్లీ," అంది అక్క.

ఆగలేదు. అదీ పాకెట్లో పడింది. తప్పు ఆటకు ఆరు పాయింట్లు అవతలివాడికి. పింక్‌ను మళ్లీ దాని చోట పెట్టారు. ఇక రెండూ వేసినా ఒక్క పాయింటు తక్కువే. అంత బతుకూ బతికి ఇంటెనక చచ్చినట్టయింది.

ఆమే వెళ్లి బక్కోడికి చెయ్యి అందించింది. వాడు తల ఎత్తలేకపోయాడు.

"మెల్లగా ఎందుకు కొట్టావక్కా? అలా కొట్టొద్దని మాకు నువ్వే కదా నేర్పావు. చెయ్యి నొప్పెట్టిందా?"

"లేదురా. నొప్పెడుతుందేమోనని భయమేసింది."

వాడి చేతిలోంచి తన చేతిని తీసుకుని, మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎక్కడా నొప్పి లేదు. అప్పుడు ఏడ్చింది.