ఏలీయా మాట సగంలో

సత్యదుర్గ మీటింగుకి వచ్చిందంటే మిగతావాళ్లు పెన్ను బయటికి తియ్యరు. ఎవరు ఏమన్నా ఆ పిల్ల రాసుకుంటుంది, సాయంత్రానికి గ్రూపులో పెడుతుంది, అందరూ దాన్నే నమ్ముకుంటారు. నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకి కామర్స్ చెబుతాను. ప్రాజెక్టుల బరువు కూడా నా నెత్తినే ఉంది కనుక, అలాంటి పిల్ల ఒకతె ఉన్న గ్రూపంటే నాకు కాస్త పక్షపాతమే. దాచుకోను.

ఆమెది సఖినేటిపల్లి. తల్లి సూర్యావతి గారు అక్కడ డ్వాక్రా గ్రూపు లీడరు. ఆవిడ సంతకం వరకే చదువుకున్నారు. అందుకని ఎనిమిదో తరగతి నుంచీ తీర్మానాల పుస్తకం కూతురి చేతికొచ్చింది. అరుగు మీద పదిమంది ఆడవాళ్లు ఒకేసారి మాట్లాడుతుంటే, అందులోంచి నాలుగు ముక్కలు ఏరి, చివర "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసి కింద గీత గీసేది. ఆ గీత దాటి ఎవరూ ఏమీ అనేవారు కాదు. దస్తూరీ ముత్యాలే. అలవాటు మాత్రం అక్కడే పడింది.

ఈ ఫిబ్రవరిలో సత్యదుర్గ గ్రూపులో నలుగురికీ నేనిచ్చిన ప్రాజెక్టు, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కే ప్రయాణికుల సర్వే. నూట నలభై మందిని అడిగి ఫారాలు నింపారు. ఇక రిపోర్టు రాయాలి. మూడో తేదీ మంగళవారం లైబ్రరీలో కూర్చున్నారు. సాయంత్రానికి సత్యదుర్గ పెట్టిన సారాంశం నా ఫోనుకీ వచ్చింది. పరిచయం కామరాజు, ఏడో తేదీకి. సర్వే చేసిన పద్ధతి మాధురి, పదికి. ఫలితాలు ఏలీయా, పదికి. ముగింపు, సూచనలు సత్యదుర్గ, పదమూడుకి, ఎందుకంటే ఫలితాలు చేతికి రాకుండా ముగింపు రాయడం కుదరదు. పదహారుకి అంతా ఒక చోట చేర్చాలి, పద్దెనిమిదిలోగా నలుగురూ చదవాలి, ఇరవైన నాకివ్వాలి. కింద మామూలు వాక్యం, "అందరూ ఒప్పుకున్నారు." దాని కింద కామరాజు బొటనవేలు బొమ్మ పెట్టాడు, మాధురి "ఓకే" అంది, ఏలీయా "ఆయ్ అండి" అన్నాడు.

పదో తేదీ దాటింది. ఏలీయా దగ్గర్నుంచి ఒక్క పేజీ రాలేదు.

ఏలీయాది ఐ.పోలవరం, చేపల వేటకెళ్లే కుటుంబం. క్లాసులో ఉన్నాడో లేడో హాజరు పిలిచేదాకా తెలియదు. తోటి ఆడపిల్లల్ని కూడా మీరు అంటాడు. పదకొండున మాధురి స్టాఫ్ రూముకొచ్చి ఫోను నా ముందు పెట్టింది. "చూడండి మాస్టారు. వాడే ఒప్పుకున్నాడు, వాడే ఆయ్ అన్నాడు. ఇప్పుడు మా అందరి మార్కులూ పోతాయండి."

నాకు ఒప్పుకుని ఎగ్గొట్టేవాళ్లంటే ఒళ్లు మంట. తన భాగం రాయనివాడి పేరు రిపోర్టు మీద ఉండదని మొదటిరోజే చెప్పేశాను. పేరు లేకపోతే మార్కులు లేవు, ఈ సెమిస్టరులో ఆ ప్రాజెక్టు తప్పినట్టే, వచ్చే ఏడు జూనియర్లతో కూర్చుని మళ్లీ చెయ్యాలి. "పేరు తీసేస్తాను. సత్యదుర్గని ఒకసారి రమ్మను," అన్నాను. ఆమె అవునంటే సరిపోతుంది, రాసింది ఆమె కదా.

సత్యదుర్గ వచ్చింది. "ఏలీయా పదికి ఒప్పుకున్నాడా?" అని అడిగాను. ఆమె వెంటనే అవునంటుందని నా నమ్మకం. అనలేదు. సంచిలోంచి చిత్తు నోటుబుక్కు తీసి, ఆ రోజు పేజీ తెరిచి, చాలాసేపు చూసింది.

"మాస్టారు, నేను తప్పు రాసేనండి."

మాధురి విసుక్కుంది. "తప్పేంటే? ఆయ్ అన్నాడు కదా, నేనూ విన్నాను."

"అన్నాడు. తరవాత ఇంకేదో అన్నాడు. చూడు." ఆమె పేజీ నా వైపు తిప్పింది. ఆ హడావుడి రాతలో ఇలా ఉంది: 'ఫలితాలు ఏలీయా, పదికి? — ఆయ్. పదికి లెక్కలైతే... — మాధురి: బస్సుకి టైమయింది, తరవాతది చెప్పండి.'

"ఆ సగం మాట నాకు సారాంశంలో ఎక్కడ పెట్టాలో తెలీలేదండి," అంది సత్యదుర్గ. "అందుకని తీసేసేను. తీసేసి అందరూ ఒప్పుకున్నారని రాసేసేను. పుస్తకంలో ఎప్పుడూ అలాగే రాస్తానండి."

గ్రూపంతా ఈ పిల్లని చూసి నేర్చుకోవాలని నేనే క్లాసులో రెండుసార్లు చెప్పి ఉన్నాను. ఆ పొగడ్త వదులుకోవడం ఆమెకి తేలిక కాదని నాకు తెలుసు.

ఏలీయాని పిలిపించాను. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఫలితాలు పదికి రాస్తానన్నావా?"

"లేదండి."

"మరి ఆయ్ అన్నావు?"

"చెబుతున్నారు కదండి, వింటున్నానని అన్నానండి."

"గ్రూపులో కూడా అన్నావుగా?"

"చదివేనని అండి."

నేనూ ఈ గోదావరి నీళ్లు తాగినవాణ్ణే. ప్రిన్సిపాలు గారు చెప్పినవన్నిటికీ ఆయ్ అండి అంటాను, అందులో సగం చెయ్యను. ఆ మాటకి వాడి దగ్గర మాత్రం వేరే అర్థం ఎలా పెట్టుకున్నానో నాకే తెలియదు.

"ఆ రోజు నువ్వు చెప్పబోయిందేంటి?" అని సత్యదుర్గ అడిగింది.

వాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. "పదికి లెక్కలైతే తేగలనండి, ఇంగ్లీషులో రాత నావల్ల కాదండి, ఎవరైనా రాస్తే పక్కన కూర్చుంటాను అని." అని సంచిలోంచి పొడుగు నోటుబుక్కు తీశాడు. నూట నలభై ఫారాలూ ఏ వయసువాళ్లు, ఏ పనికి, ఏ వేళకి పంటు ఎక్కుతున్నారో గళ్లు గీసి లెక్కపెట్టి ఉన్నాయి. ఆరు పట్టికలు. మొదటి పేజీ మీద తేదీ ఉంది, ఎనిమిది.

"మూడు రోజులై నీ దగ్గరే ఉన్నాయా? ఎందుకివ్వలేదు?" అన్నాను.

"ఎవరూ అడగలేదండి."

నాకు సిగ్గేసింది. పది నిమిషాల క్రితం ఆ పేరు కొట్టెయ్యడానికి ఎర్ర పెన్ను మూత తీసి పెట్టుకున్నవాణ్ణి నేనే.

సత్యదుర్గ అక్కడే నిలబడి కొత్త కాగితం తీసింది. ఫలితాల వరసని రెండుగా చీల్చింది. పట్టికలు ఏలీయా, రాత తను. తన ముగింపు భారాన్ని మాధురిని తీసుకోమంటే మాధురి, "సరే, పదిహేడుకి ఇస్తాను," అని స్పష్టంగా చెప్పింది. చేర్చడం పద్దెనిమిదికి, చదవడం పంతొమ్మిదికి వెనక్కి జరిపింది. ఇరవై కదల్లేదు. గ్రూపులో పెట్టబోయే ముందు "అందరూ ఒప్పుకున్నారు" అని రాయలేదు. కామరాజుకి ఫోను చేసి, చేర్చే తేదీ, చదివే తేదీ కుదురుతాయని అతని నోటితోనే చెప్పించింది. తరవాత ఏలీయా వైపు తిరిగింది.

"పట్టికలు ఇవాళే ఇచ్చేస్తున్నావు. రాత నేను పదమూడుకి ముగిస్తాను. నువ్వు పక్కన కూర్చోవాలి. కుదురుతుందా?"

వాడు నోటుబుక్కు తిరగేసి నాలుగో పట్టిక దగ్గర ఆగాడు. మేం ముగ్గురం తొందరపెట్టకుండా ఆగాం. ఆ పిల్ల పెన్ను కాగితం మీద ఆనించి ఉంది, రాయలేదు.

"పదమూడుకి కుదరదండి," అన్నాడు ఏలీయా. "నాలుగో పట్టికలో తేడా ఉంది. నూట ముప్ఫై ఎనిమిదే వస్తున్నాయి. మళ్లీ లెక్కపెట్టాలి. సోమవారం అని రాయండి."

సత్యదుర్గ పదహారు, సోమవారం అని రాసింది. ఆ మాట వాడు ఎలా అన్నాడో అలాగే పక్కన రాసింది, కుదరదన్న ముక్కతో సహా.