హాజరులో పిలవని పేరు

వరండాలో చెప్పులన్నీ వరసగా పేర్చి మా అమ్మాయి హాజరు పిలుస్తోంది. ఒక్కో జత ఒక్కో పిల్ల. పేరు వినగానే మా చిన్నాడు గొంతు మార్చి "ప్రెజెంట్ టీచర్" అంటున్నాడు. నేను వంటింట్లో బియ్యం కడుగుతూ వింటున్నాను. అన్నీ దాని పాత తరగతి పేర్లే, అదే వరసలో. ఒకచోట దాని పేరు రావాలి. రాలేదు. కాసేపు ఆగి, తర్వాతి పేరు పిలిచింది.

"అక్కా, నీ పేరు పిలవలేదేటి?"

"ఆ పిల్ల లేదు. డ్రాప్ బాక్స్‌లో ఉంది," అంది, టీచరు గొంతుతోనే.

బియ్యం గిన్నె పక్కన పెట్టేశాను. ఆ మాట అది ఎక్కడ విన్నదో నాకు తెలుసు.

మా ఆయనది పోర్టులో ఓడల ఏజెన్సీ ఉద్యోగం. ఒడిశాలోని పారాదీప్‌కి మారుస్తారని రెండేళ్ళుగా అంటున్నారు. అక్కడ నాలుగేళ్ళుంటే ఆ తర్వాత ఇంకెక్కడికో. పిల్ల చదివేది పెందుర్తిలో మా ఇంటి పక్క వీధిలోని స్టేట్ సిలబస్ బడి. ఒడిశాలో ఆ పుస్తకాలుండవు, తెలుగూ ఉండదు. అదే సీబీఎస్ఈ అయితే ఏ ఊరెళ్ళినా దాదాపు అవే పుస్తకాలు. మారిస్తే తొమ్మిదో తరగతిలోపే మార్చాలి, పదో తరగతి పరీక్షకి రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే మొదలవుతుంది గనక. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. రాష్ట్రం దాటి వెళ్ళే టీసీ మీద విద్యాశాఖ అధికారి సంతకం కూడా కావాలని తెలిసి, సెలవుల్లో ఆయన దొరకరేమోనని, బదిలీ ఆర్డరు రాకముందే ఏప్రిల్లో ఆరో తరగతి కాగానే టీసీ తీసేసుకున్నాను.

ఆ రోజు బడి గుమస్తా కంప్యూటర్లో ఏదో నొక్కి, "అయిపోయిందమ్మా. పాప ఇప్పుడు డ్రాప్ బాక్స్‌లో ఉంది. కొత్త స్కూలోళ్ళు తీసుకున్నదాకా అక్కడే ఉంటాది," అన్నాడు. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆ తెర వంకే చూసింది.

ఆర్డరు రాలేదు. జూన్‌లో బళ్ళు తెరిచారు. సీతమ్మధారలోని సీబీఎస్ఈ బడికి వెళ్తే, అక్కడ ఏప్రిల్లోనే తరగతులు మొదలయ్యాయి, ఏడులో ఖాళీ లేదన్నారు. "వారం ఆగు, ఎలాగూ వెళ్ళిపోతాం కదా," అన్నారు మా ఆయన. ఎదురింటావిడ నవ్వింది: "మీ ఆయన ట్రాన్స్‌ఫరు లంగరేసి కూసుంది వదినా, కదిలేలా నేదు."

ఈలోగా పిల్ల ఇంట్లో సడి లేకుండా తిరగడం నేర్చుకుంది. పక్క వీధిలో ప్రార్థన గంట మోగగానే లేచి నిలబడేది, పెదవులు కదిలేవి, గొంతు మాత్రం వచ్చేది కాదు. తలుపు కొట్టిన కొరియర్ అతనితో, "ఇంట్లో తమ్ముడొక్కడే ఉన్నాడు," అందట. ఎండలో ఆటోలు పిల్లల్ని తెచ్చే వేళకి కిటికీ పరదా వెనక నిలబడేది. పరదా బయటికి పాదాలు మాత్రం కనబడేవి. బెంగ పెట్టుకుందిలే అనుకున్నాను. చెప్పుల హాజరు విన్నాక అలా అనుకోలేకపోయాను.

వరండాలోకి వెళ్ళి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. "పిలుస్తన్నాది అమ్మ," అన్నాడు చిన్నాడు, భయంగా. అప్పుడు నా వైపు చూసింది, ఎవరి కోసమో వచ్చినావిడని చూసినట్టు.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పాను.

"రేపు పాత బడికే పంపుతాను."

"పిచ్చా ఏటి? వచ్చే నెల ఆర్డరొస్తే మళ్ళీ టీసీ, మళ్ళీ సంతకం. అక్కడ మధ్యలో చేరితే, తెలుగు బదులు హిందీ అందుకోగలదా?"

"వస్తే మీరు ముందెళ్ళండి. పరీక్షలయ్యాక మేం వస్తాం. తొమ్మిదికి ఇంకా టైముంది. అప్పుడు సీబీఎస్ఈలో వేద్దాం. ఇంట్లో కూచోబెట్టి ఏ సిలబస్ చదివిస్తున్నామండీ?"

ఆయన బూట్లు విప్పబోయి ఆగారు. గుమ్మం దగ్గర చెప్పులు ఇంకా వరసగానే ఉన్నాయి, మధ్యలో ఒక జతకి చోటు వదిలి. ఆ చోటు వంక చూశారు. "హెడ్ మేడం తిరిగి తీసుకుంటాదా?" అన్నారు. ఫోన్ చేశాను. టీసీ తెచ్చి ఇచ్చేస్తే చేర్చుకుంటామని, డ్రాప్ బాక్స్‌లోంచి పేరు కూడా వాళ్ళే వెనక్కి తెచ్చుకోవచ్చని ఆవిడ చెప్పింది.

ఇది రాస్తుంటే పక్క గదిలో పిల్ల నిద్రలో ఏదో గొణుగుతోంది. పేర్లే. దానిది వస్తుందేమోనని కలం ఆపి వింటున్నాను.

* * *

పొద్దున్న ఇద్దర్నీ ఎదురుగా కూచోబెట్టుకున్నాను. "నాన్నకి ఊరు మారితే మారుతుంది. ఆ రోజు దాకా నీ బడి ఇదే. ఊరు మారినప్పుడు కొత్త బడిలో చోటు చూసుకున్నాకే ఇక్కడ పేరు తీయిస్తాను. ఇవాళ యూనిఫాం వేసుకో," అన్నాను. చిన్నాడితో, "అక్క చెప్పులు తెచ్చి ఆ ఖాళీలో పెట్టు," అన్నాను.

"బాక్స్‌లోంచి నిజంగా తీస్తారా?" అంది పిల్ల.

"తీస్తారు. తీసినదాకా నాను అక్కడే నిలబడతాను," అన్నాను.