ఆ బ వేరు, ఈ బ వేరు

కన్నడ సీమలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే తిరుమణిలో సోలార్ టెక్నీషియన్ శిక్షణకు పరీక్ష పెట్టినప్పుడు మార్కులు వేసే పని నా నెత్తిన పడింది. నలభై మంది, ఇరవై ప్రశ్నలు. పదిహేను వస్తే సీటు. ప్రశ్నపత్రం కన్నడలో ఉంది కాబట్టి జవాబులూ కన్నడ అ, బ, క, డ లే. ఎక్సెల్‌లో రెండో వరుసలో సరైన జవాబుల కీ, దాని కింద ఒక్కొక్కరికి ఒక్కో వరుస, చివరి గడిలో ఈ ఫార్ములా:

=SUMPRODUCT(--(B3:U3=$B$2:$U$2))

ప్రతి జవాబునూ కీతో పోల్చి, కలిస్తే ఒకటి, కలవకపోతే సున్నా వేసి మొత్తం కూడుతుంది. డాలర్ గుర్తులున్నాయి కాబట్టి కిందికి లాగినా కీ వరుస కదలదు. లాగాను. నలభై మందికీ మార్కులు టక్కున పడ్డాయి! నా అంత మొనగత్తె లేదనుకుని లిస్టు అంటించేశాను.

కాసేపటికే ఒకామె వచ్చింది. సోలార్ ప్లేట్లు కడిగే పనికి పోతుంది. లిస్టులో చివరి పేరు ఆమెదే, మార్కులు సున్నా.

"కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా," అన్నాను విసుగ్గా.

"ఒగటి కూడా రాలేదా మేడమ్? దినామూ ప్లేట్లు కడుగుతాను, ప్లేటు యా దిక్కు చూస్తాదో నాకు తెలీదా?"

మొదటి ప్రశ్న అదే. ఆమె కాగితం తీశాను. బ అని రాసింది. కీలో బ. నేను ఎక్కించిందీ బ. మరి సున్నా ఏంది? పక్క ఖాళీ గడిలో =B42=B2 అని కొట్టాను. FALSE! రెండూ ఒకటి కాదట. బ ని ఎంత పెద్దది చేసి చూసినా తేడా లేదు. పక్క గడిలోని క ని పెద్దది చేశాను. కీలోని కన్నడ ಕ కు తల మీద అడ్డగీత, ఆమె వరుసలోని క కు మన తెలుగు తలకట్టు. అయ్యో నా బుద్ధి మండా! ఆమె వరుస ఎక్కించే ముందు అదే కంప్యూటర్లో అమ్మకు తెలుగులో మెసేజ్ కొట్టి, కీబోర్డును మళ్ళీ కన్నడకు మార్చనేలేదు. కంటికి ఒకటేగా కనిపించినా, కంప్యూటర్‌కు తెలుగు బ వేరు, కన్నడ బ వేరు.

"కూర్చో తల్లీ, ఈడ చూడు," అని ఒక్కో గడీ కన్నడలో మళ్ళీ కొట్టాను. సున్నా ఒకటైంది. రెండు. మూడు. ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతోంది, నేను పైకి అరుస్తున్నాను. పదిహేడు గడులకు పద్నాలుగు. పద్దెనిమిదో గడి కొట్టాను, కదల్లేదు. పంతొమ్మిదోదీ కదల్లేదు. ఇక ఒక్కటే మిగిలింది.

ఎంటర్ కొట్టాను. పదిహేను!

ఇద్దరమూ ఒక్కసారే ఎగిరి గంతేశాం. తర్వాత ఆమె స్క్రీన్‌ను చూసి మెల్లగా అడిగింది.

"అయితే మేడమ్, మనింట్లో మాట్లాడే తెలుగే నన్ను ఫెయిల్ చేసిందా?"

"తెలుగు కాదమ్మా," అన్నాను. "నేను."