ఆపి ఉంచిన ముక్క

గనులు మూతపడి పదిహేనేళ్లు దాటాక, కేజీఎఫ్‌లో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో నేను అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేశాను. పేరుకు పెద్ద ఉద్యోగం. శాంపిళ్లు రాసుకోవడం, బెంగళూరు పంపడం, రిపోర్టులు తెప్పించడం, రాకపోతే తిట్లు తినడం, ఇదీ పని. మా నాన్న ఇక్కడి కోరమండల్ పేటలో బంగారు గనికి దిగినవాడు. నాకు మాత్రం రోజూ టెలిఫోన్‌తోనే యుద్ధం.

ఒక ఏడు కామసముద్రం దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. మెడకు ఎడమ పక్క గడ్డ. మా ఊరి నర్సింగ్ హోములోని సర్జన్ గడ్డలోంచి ముక్క తీసి, చెడిపోకుండా ఫార్మలిన్ డబ్బాలో వేసి, ఆమె భర్త చేతికిచ్చి మా దగ్గరికి పంపాడు. ముక్క పరీక్ష మా దగ్గర జరగదు, బెంగళూరులోని పెద్ద ల్యాబుకు పోవాలి. వారంలో రిపోర్టు వస్తుందని చెప్పాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

అయిదో రోజే ఆమె వచ్చేసింది. ఫోన్ నా ముందు పెట్టింది. బెంగళూరు ల్యాబు కంప్యూటర్ తనంతట తానే పంపిన ఇంగ్లీషు మెసేజి. శాంపిల్ హోల్డ్‌లో ఉంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం. అంతే.

"పక్కింటి పిల్లోడు చదివినాడమ్మా. నిలిపేసినారంట. పెద్ద జబ్బయితేనే నిలుపుతారంట కదా?"

"ఎవరు చెప్పినారు అట్ల?"

"ఆ పిల్లోడే. నాకు రెండు దినాలుగా కూడు దిగలేదు. పట్టుపురుగులు ఆకు బాగా తినే టైము, ఆయన ఒక్కడే కోసుకొని వేస్తా ఉండాడు. పురుగుల్ని ఇడిచిపెట్టి వచ్చినాను."

కనుక్కొని ఫోన్ చేస్తానని పంపేశాను. ఆమె మెట్లు దిగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద, ఆ మెసేజి రాసినవాడి మీద, ఆ పిల్లాడి మీద కూడా.

బెంగళూరుకు ఫోన్ చేశాను. ఆగమని లైనులో సంగీతం. ఒక అమ్మాయి ఇంకో అమ్మాయికి ఇచ్చింది, ఆ అమ్మాయి మళ్లీ సంగీతానికి ఇచ్చింది. నాలుగోసారి ఒకతను దొరికాడు.

"మేడమ్, మేము మూడు రోజుల కిందే మెయిల్ పెట్టినాము. మీరే జవాబియ్యలేదు."

ఆ మెయిల్ పోయింది మా ఓనర్ పాత అడ్రసుకు. దాన్ని ఆయన తెరిచి ఎంతకాలమయిందో ఆయనకే తెలియదు. ఆయన చేత తెరిపించి మెయిల్ చూశాను. ముక్కతో పాటు పంపిన ఫారంలో రోగి వివరాలు రాయాల్సిన చోటు ఖాళీగా ఉందట. గడ్డ శరీరంలో ఏ చోటిది, ఎన్నాళ్లుగా ఉంది, జ్వరం ఉందా, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా తెలియాలని ముక్కను పరీక్షించే పాథాలజిస్టు అడిగారు. ఆ వివరాలు వచ్చేదాకా నివేదిక ఆపి ఉంచారు. జబ్బు పెద్దదని కాదు, కాగితం ఖాళీదని.

మా దగ్గరున్న ఫారం నకలు తీసి చూశాను. సర్జన్ నింపలేదు. నింపకుండా వచ్చిన ఫారాన్ని మా కౌంటర్ తీసుకుంది. కింద చెక్ చేసినవారి సంతకం నాది.

నర్సింగ్ హోముకు నడుచుకుంటూ వెళ్లాను. సర్జన్ ఆపరేషన్‌లో ఉన్నాడన్నారు. గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. ఆయన బయటికొచ్చి, "ఇదంతా మీరే రాసుకోవచ్చు కదమ్మా" అన్నాడు. రోగి చరిత్ర నేనెలా రాస్తాను? పెన్ను ఆయన చేతిలో పెట్టి నిలబడ్డాను. రాశాడు. సాయంత్రంపూట జ్వరం, బరువు తగ్గడం, ఆమె బావకు గనిలో పని చేసేటప్పుడు టీబీ వచ్చింది. స్కాన్ చేసి పంపాను. ఈసారి వెంటనే జవాబు వచ్చింది. ముక్కకు ప్రత్యేకమైన రంగులు పట్టించి మైక్రోస్కోపులో మళ్లీ చూడాలి, శుక్రవారం దాకా పడుతుంది.

ఇక ఆమెకు చెప్పాలి. మా ఓనర్ కాగితం మీద ఒక వాక్యం రాసిచ్చాడు: సాంకేతిక కారణాల వల్ల రిపోర్టు ఆలస్యం.

"ఇది పంపితే ఆమె ఇంగ నాలుగు దినాలు తిండి తినదు సార్."

"మన తప్పని రాసి పంపితే? రేపు ఇంగెవరు వస్తారు మన దగ్గరికి?"

"తప్పు మనదే కదా."

ఆయన లేచి వెళ్లిపోయాడు. వద్దనలేదు కాబట్టి సరేనన్నాడనుకున్నాను.

నాలుగు సార్లు రాసి కొట్టేశాను. భయపడకండి అని రాస్తే అందులో ఏదో ఉన్నట్టే ఉంటుంది. ఏమీ లేదు అని రాయడానికి నేను డాక్టర్‌ను కాను. పైగా ఆ ఇంట్లో తెలుగు మాట్లాడతారే గాని చదవడం కన్నడమే. ఆఖరికి వాట్సాప్‌లో నా గొంతుతోనే చెప్పి పంపాను.

"అమ్మా, ల్యాబు నుంచి మాట్లాడతా ఉండాను. మీ రిపోర్టు ఇంకా రాలేదు. ఫారంలో కొన్ని వివరాలు లేక బెంగళూరులో ఆపినారు. ఆ ఫారం చూడకుండా తీసుకున్న తప్పు మాది, క్షమించండి. జబ్బు పెద్దదని ఆపలేదు. ఏ జబ్బని నేను చెప్పలేను, అది డాక్టరే చెప్పల్ల. మీ ముక్క భద్రంగా ఉండాది, మళ్లీ కోసే పని లేదు. శుక్రవారానికి రావల్ల. దానికి ముందే, వచ్చినా రాకపోయినా, గురువారం సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. మీరు ఊరికే బస్సెక్కి రావద్దండి. శనివారం పొద్దున సర్జన్ దగ్గర టైము తీసిపెట్టినాను. దాని లోపల జ్వరం ఎక్కువైనా, ఊపిరి ఆడకపోయినా, మింగేదానికి కష్టమైనా రిపోర్టు కోసం కాచుకోవద్దు, ఆసుపత్రికి పోండి."

గంట తర్వాత ఆమె ఫోన్ చేసింది. "రెండు తూర్లు విన్నాము. మా ఆయన మళ్లీ పెట్టమన్నాడు. పెద్ద జబ్బని కాదు కదా, ఆపింది?"

"కాదమ్మా. కాయితం కోసం."

"కాయితానికా!" అంది. ఆ గొంతులో ఊరట ఉంది, కోపమూ ఉంది. కోపమే ఎక్కువ.

గురువారం సాయంత్రానికి రిపోర్టు రాలేదు. చెప్పడానికేమీ లేనప్పుడు ఫోన్ ఎందుకన్నాడు ఓనర్. చేశాను. "రాలేదమ్మా, రేపు చూస్తాము" అన్నాను. "సరే, చేసినారు కదా" అందామె. వెనకాల ఆకులు తరిగే చప్పుడు వినిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. చదివాను, కానీ ఆమెకు చెప్పలేదు. సర్జన్‌కు పంపి, రిపోర్టు వచ్చింది, రేపు డాక్టరుగారు చెప్తారని మాత్రం ఆమెతో ఫోన్‌లో అన్నాను. ఆ మాటను మామూలు గొంతుతో అనడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

టీబీ. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా మాత్రలు, ఆరు నెలలు. పదిహేను రోజులకు ఆమె ల్యాబుకు వచ్చింది. కృతజ్ఞతలు చెప్తుందని నేను లోపల ఎదురుచూశానేమో, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

"జ్వరం తగ్గతా ఉండాది," అంది. "మీరు చెప్పింది బాగానే చెప్పినారు. కానీ మొదట్లోనే కాయితం చూసింటే నాకు ఆ రెండు దినాలు అట్ల అయ్యేది కాదు కదమ్మా?"

"అయ్యేది కాదమ్మా," అన్నాను.

ఆ మాటతో ఆమె నన్ను వదిలేసింది. పట్టుగూళ్లు బాగా వచ్చాయని చెప్పి, బస్సుకు టైమయిందని వెళ్లిపోయింది.

వివరాలు లేని ఫారం తీసుకోకూడదని కౌంటర్ మీద పెద్ద అక్షరాలతో అంటించాను. సోమవారం అదే నర్సింగ్ హోము నుంచి ఇంకో డబ్బా వచ్చింది. ఫారం మీద రోగి పేరు, వయసు. మిగతాదంతా తెల్లగా ఉంది. డబ్బాను ఫ్రిజ్ పక్కన పెట్టి, ఫారం చేత పట్టుకొని, చెప్పులేసుకొని మళ్లీ ఆ బెంచీ మీదికి బయలుదేరాను.